పాజిటివ్ మర్యాద, నెగటివ్ మర్యాద: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: నెగటివ్ పొలైట్‌నెస్ అంటే పైపై మర్యాదా? ఫేస్‌కి ముప్పు అంటే ఏంటి?

కాదండీ, ఆ పేరే తప్పుదోవ పట్టిస్తుంది. భాషా పరిశోధకులు బ్రౌన్, లెవిన్సన్ 1978లో చెప్పిన మర్యాద సిద్ధాంతంలో ‘ఫేస్’ అంటే నలుగురిలో మన పరువు. అది రెండు రకాలు. నలుగురికీ నచ్చాలన్న కోరిక పాజిటివ్ ఫేస్. మన పనికి ఎవరూ అడ్డు రాకూడదన్న కోరిక నెగటివ్ ఫేస్. విమర్శ ముఖ్యంగా మొదటిదాన్ని దెబ్బతీస్తుంది, ఏదైనా అడగడం రెండోదాన్ని. ఫేస్‌కి ముప్పు అంటే ఇదే, ఆ దెబ్బను తగ్గించే మాటతీరే మర్యాద.

ల్యాప్‌టాప్ అడగాలనుకోండి. “ఒరేయ్, నీ ల్యాప్‌టాప్ ఓసారి ఇవ్వరా, మన ప్రాజెక్టుకే కదా!” ఇక్కడ ‘రా’, ‘మన’ అనే మాటలు ఇద్దర్నీ ఒక జట్టు చేస్తున్నాయి. ఇది పాజిటివ్ మర్యాద. “ఏమీ అనుకోకపోతే, మీకు పని లేనప్పుడు ఓ పది నిమిషాలు వాడుకోవచ్చాండీ?” ఇందులో కాదనడానికి దారి వదిలారు, అడిగేదాన్నీ చిన్నది చేశారు. ఇది నెగటివ్ మర్యాద.

ఏది వాడాలన్నది మూడింటిని బట్టి ఉంటుంది: ఇద్దరి మధ్య దూరం, అవతలివారి అధికారం, అడిగేదాని బరువు. అంచనా తప్పితే వెంటనే తెలుస్తుంది. ప్రాణస్నేహితుణ్ణి రెండో పద్ధతిలో అడిగి చూడండి, “ఏరా, కోపమొచ్చిందా?” అంటాడు.

అయితే ఈ లెక్క అన్ని భాషలకూ సరిపోదని జపనీస్ భాషావేత్తలు గట్టిగానే వాదించారు. అక్కడ గౌరవరూపాలు చాలావరకు ఎంపిక కాదు, హోదా కోరే తప్పనిసరి.