డాక్టర్ సలహా: స్ప్లిట్ సంగతి తర్వాత, ముందు ఆ నొప్పి ఎక్కడుందో చూడాలి

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. నాలుగేళ్లుగా జిమ్నాస్టిక్స్, దానితోపాటు డాన్స్ నేర్చుకుంటోంది. మూడు వారాల్లో పోటీ ఉంది. ఎడమ కాలు ముందుకు చాపి చేసే స్ప్లిట్‌లో నేలకు ఇంకా నాలుగు వేళ్ల ఎడం ఉంటోంది. రోజూ తోటి అమ్మాయి సాయంతో పీఎన్ఎఫ్ స్ట్రెచింగ్ చేస్తోంది. ప్యాసివ్, యాక్టివ్, పీఎన్ఎఫ్‌లలో ఏది త్వరగా ఫలితమిస్తుంది? ఈ ఆరు నెలల్లో బాగా పొడుగైంది, ఒళ్లు బిగుసుకుపోయిందంటోంది. నెల రోజులుగా ఎడమ పిరుదు కింద కొంచెం నొప్పి ఉంది. ప్రాక్టీసుకు ముందు ఐబుప్రోఫెన్ మాత్ర వేస్తే ఇబ్బంది లేకుండా చేసేస్తోంది.

జవాబు: ముందు ఆ మాత్ర ఆపండమ్మా. స్ట్రెచింగ్ గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఉత్తరం చివర్లో మామూలు విషయంలా రాసిన ఆ రెండు వాక్యాలే నన్ను ఎక్కువ కంగారు పెట్టాయి.

నొప్పి ఎక్కడో అమ్మాయిని ఒక్క వేలితో చూపించమనండి. తొడ వెనుక, మధ్యభాగంలో అరచేత్తో రుద్దుతూ "ఇక్కడంతా" అంటే అది కండ పట్టేయడం కావచ్చు. అలా కాకుండా, గట్టి కుర్చీ మీద కూర్చున్నప్పుడు కింద ఆనే ఎముక ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మీద వేలు పెట్టి చూపిస్తే విషయం వేరు. తొడ వెనుక ఉండే హ్యామ్‌స్ట్రింగ్ కండరాలు పైన అతుక్కునేది ఆ ఎముకకే. పెద్దవాళ్లలో అది గట్టి ఎముక. ఎదుగుతున్న పిల్లల్లో ఆ అతుకు దగ్గర ఇంకా మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది పూర్తిగా ఎముకగా మారి కలిసిపోవడానికి కొందరిలో ఇరవై ఏళ్లు దాటుతాయి. అందుకే అదే లాగుడుకు పెద్దవాళ్లలో కండ చిరిగితే, ఈ వయసు పిల్లల్లో కండ నిలబడి అతుకు దెబ్బతింటుంది. మొదట వాపు, తర్వాత కూర్చుంటే నొప్పి వస్తాయి. అప్పటికీ ఆపకపోతే ఒక రోజు ఎముక ముక్క ఊడి రావచ్చు.

ఆరు నెలల్లో పొడుగైందని కూడా రాశారు. ఎముకలు వేగంగా పెరిగే ఆ నెలల్లో కండరాలు వాటిని అందుకోలేక వెనకబడతాయి. నిన్నటిదాకా సులువుగా వంగిన పిల్ల ఇవాళ బిగుసుకుపోయినట్టు కనిపించేది అందుకే. దాన్ని బద్ధకమనో, ప్రాక్టీసు చాలలేదనో అనుకుని మరింత గట్టిగా లాగించడం నేను తరచూ చూసే పొరపాటు. ఆ కొద్ది నెలలు లాగుడు తగ్గించాల్సిన కాలం. మనవాళ్లు సరిగ్గా అప్పుడే పెంచుతారు.

ఇక మీరు అడిగిన మూడు పద్ధతులు. ప్యాసివ్ అంటే బయటి బలంతో సాగదీయడం. అది నేల కావచ్చు, ఒంటి బరువు కావచ్చు, ఇంకొకరి చెయ్యి కావచ్చు. యాక్టివ్ అంటే ఎవరి సాయమూ లేకుండా, ఎదురుగా ఉన్న కండరాల బలంతోనే కాలిని ఆ ఎత్తుకు తీసుకెళ్లి అక్కడ నిలపడం. పీఎన్ఎఫ్‌లో కాలిని సాగిన స్థితిలో ఉంచి, సాగుతున్న కండనే కొన్ని సెకన్లు బిగించి, వదిలేసి, ఆపైన ఇంకాస్త ముందుకు వెళతారు. ఒక్క పూటలో ఎక్కువ ఫలితం చూపేది సాధారణంగా పీఎన్ఎఫ్. మీ అమ్మాయికి ఇప్పుడు అన్నిటికంటే చెడ్డదీ అదే. రెండూ నిజమే, కారణం చెబుతాను.

స్ట్రెచింగ్ చేసిన కొద్ది వారాల్లోనే కాలు ఎక్కువ సాగితే కండ పొడవు పెరిగిందనుకుంటారు. చాలావరకు పెరిగేది ఓర్పు. నిన్న "ఇక చాలు" అని నాడులు హెచ్చరించిన చోట ఇవాళ ఇంకాస్త ఆలస్యంగా హెచ్చరిస్తాయి. కండ, దాని చుట్టూ ఉండే పొరలు నిజంగా మారడానికి నెలలు పడుతుంది. అంటే మూడు వారాల్లో ఆ నాలుగు వేళ్ల ఎడం తగ్గినా, తగ్గేది ముఖ్యంగా హెచ్చరిక. ఐబుప్రోఫెన్ కూడా అచ్చంగా ఆ హెచ్చరికనే తగ్గిస్తుంది. కాబట్టి మాత్ర వేసుకుని చేసిన స్ప్లిట్ ఎంత లోతుకు వెళ్లినా, ఎక్కడ ఆగాలో చెప్పే ఒకే ఒక్క కొలబద్దను మీరే తీసేసినట్టు. దానిమీద పీఎన్ఎఫ్ అంటే, కండను పూర్తిగా సాగదీసి ఆ స్థితిలోనే బిగించమనడం. అతుకు మీద అంతకంటే ఎక్కువ లాగుడు పడే సందర్భం తక్కువ. పైగా కాలు పట్టుకున్నది ఇంకో చిన్నపిల్ల. అవతలి కండలో ఏం జరుగుతోందో ఆ చేతికి తెలియదు.

(ఖాళీ కడుపుతో, చెమటతో నీరు పోయిన ఒంట్లో ఈ మాత్ర రోజూ వేస్తే పొట్టకూ మూత్రపిండాలకూ మంచిది కాదు. ఎవరు రాసిచ్చారో మీరు రాయలేదు. ఎవరూ రాసివ్వలేదనే అనుకుంటున్నాను.)

కొంతకాలం కిందట నా దగ్గరకు 15 ఏళ్ల డాన్సర్‌ను తీసుకొచ్చారు. కథ దాదాపు ఇదే. రెండు నెలలు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఒకరోజు స్ప్లిట్‌లో స్నేహితురాలు వెనకనుంచి భుజాలు నొక్కితే లోపల 'టప్' మంది. కండ పట్టిందనుకుని మూడు వారాలు మాలిష్ చేయించారు, వేడి కాపడం పెట్టారు, కాస్త తగ్గగానే "బిగుసుకుపోకూడదు" అని మళ్లీ సాగదీయించారు. ఎక్స్‌రే తీస్తే ఎముక ముక్క ఒక సెంటీమీటరు కంటే కొంచెం తక్కువ దూరం జరిగి ఉంది. దాదాపు రెండు సెంటీమీటర్లు దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. ఆమెకు ఆ అవసరం రాలేదు. నాలుగు వారాలు చంకకర్రలు, ఆ తర్వాత నెమ్మదిగా బలం పెంచే వ్యాయామాలు, మళ్లీ వేదిక ఎక్కేసరికి ఐదు నెలలు. ఆ 'టప్' రోజునే వచ్చి ఉంటే కనీసం మాలిష్, సాగదీత తప్పేవి. అంతకు రెండు నెలల ముందే వచ్చి ఉంటే బహుశా ముక్కే ఊడేది కాదు.

మీ అమ్మాయికి అదే జరిగిందని నేను అనడం లేదు. చూడకుండా, చేత్తో నొక్కకుండా ఉత్తరం మీద రోగనిర్ధారణ చేయలేను. కానీ ఈ వయసులో, ఆ చోట, నెల రోజుల నొప్పి అంటే ఈ వారంలోనే ఎముకల డాక్టరుకో స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టరుకో చూపించాలి. రెండు వైపులా కలిపి కటిభాగం ఎక్స్‌రే తీయించమంటారు. ఎడమను కుడితో పోల్చితేనే తేడా తెలుస్తుంది. 13 ఏళ్లకు అక్కడ చాలా భాగం ఇంకా మృదులాస్థే కాబట్టి ఎక్స్‌రే మామూలుగా వచ్చినంత మాత్రాన ఏమీ లేదని కాదు. అవసరమైతే ఎంఆర్ఐ అంటారు. ఫలితం తెలిసేవరకు ఆ కాలికి ఏ రకమైన స్ట్రెచింగూ వద్దు, వేగంగా పరుగెత్తడం, ఎగరడం వద్దు. చేతులు, భుజాలు, నడుము బలానికి సంబంధించిన సాధన నొప్పి లేనంతవరకు చేసుకోవచ్చు.

ఎముక బాగానే ఉందని, అతుకు దగ్గర వాపు మాత్రమేనని తేలితే తిరిగి మొదలుపెట్టే తేదీ క్యాలెండర్ చెప్పదు. గట్టి బల్ల మీద అరగంట కూర్చున్నా, మెట్లు ఎక్కినా, మాత్ర లేకుండా నొప్పి రాకూడదు. కొందరికి అది నాలుగు వారాలు, కొందరికి ఎనిమిది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పుడు కూడా మొదట యాక్టివ్ పద్ధతే. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఎడమ కాలిని తనంతట తాను ఎంత ఎత్తగలదో చూడండి. తర్వాత మీరు పట్టుకుని, నొప్పి లేనంతవరకు మెల్లగా ఎత్తి చూడండి. మీ చేతిలో కాలు 120 డిగ్రీలకు వచ్చి, తన బలంతో 85 దగ్గరే ఆగితే మధ్యలో 35 డిగ్రీల ఖాళీ ఉన్నట్టు. ఆ ఖాళీలో కాలిని అదుపు చేసే బలం లేదు. గాలిలోకి ఎగిరి కాళ్లు విప్పినప్పుడు న్యాయనిర్ణేతలకు కనిపించేది 85కు దగ్గరగా ఉండేదే, అదుపు లేని ఆ 35లో గాయమయ్యే భయమూ ఉంటుంది. కాలు ఎత్తి ఐదు సెకన్లు నిలపడం, మెల్లగా దించడం, రోజు విడిచి రోజు కొన్నిసార్లు, అంతే. చూడటానికి గొప్పగా ఉండదు, అందుకే ఎవరూ చేయించరు.

అది నొప్పి లేకుండా సాగుతున్నాక ప్యాసివ్. పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక, సాగుతున్నట్టు తెలిసే చోట ఆగి 20 నుంచి 30 సెకన్లు, రెండు మూడు సార్లు. ఎగిరే సాధనకు ముందు ఒకే కండను నిమిషం దాటి పట్టి ఉంచితే కాసేపు దాని సత్తువ తగ్గుతుంది, కాబట్టి పొడుగాటి సాగదీత సాధన ముగిశాకే. సాగుడు కండ మధ్యలో తెలియాలి. కూర్చునే ఎముక దగ్గర, గజ్జలో గుచ్చినట్టు, మోకాలి వెనుక లేదా పిక్కలో జివ్వుమన్నట్టు తెలిస్తే వెంటనే వదిలేయాలి. జివ్వుమనేది చాలాసార్లు నరం, కండ కాదు. నరాన్ని సాగదీసి లొంగదీయలేం.

పీఎన్ఎఫ్ అన్నిటికంటే చివరిది, అదీ చూసిన డాక్టరు ఒప్పుకుంటేనే. వారానికి రెండు మూడు సార్లకు మించి వద్దు. రోజూ చేయించడం ఎవరి ఆలోచనో తెలియదు కానీ, మంచి ఆలోచన కాదు. బిగించడం పూర్తి బలంతో కాదు, పావు నుంచి సగం బలం చాలు, ఐదారు సెకన్లు. ఎక్కువ బలం పెట్టినంత మాత్రాన అంతగా ఎక్కువ సాగదు, లాగుడు మాత్రం ఎక్కువ పడుతుంది. బిగింపు వదిలాక ముందుకు వెళ్లాల్సింది అమ్మాయే. పక్కవాళ్ల పని కాలు పడిపోకుండా ఆనించి పట్టుకోవడం వరకే. భుజాలు నొక్కడం, వెనక కూర్చోవడం, ముందుకాలి కింద ఎత్తు పెట్టి స్ప్లిట్ చేయించడం ఈ వయసులో ఎవరికీ వద్దంటాను.

పోటీ విషయం కోచ్‌తో మాట్లాడండి. ఈసారి ఆ స్ప్లిట్ లేకుండా చేయవచ్చేమో అడగండి, లేదంటే వదులుకోండి. ఈలోగా 'టప్' మన్నా, తొడ వెనుక కమిలినా, కుంటినా, మోకాలు వంచడంలో బలం తగ్గినా వారం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఒక్క మాట, డాక్టరు దగ్గరకు వెళ్లే రోజు మాత్ర వేయకండి. ఎక్కడ నొక్కితే నొప్పో ఆ రోజు ఆమెకు తెలియాలి.