భరిణె ‘తయారు చేయబడితే’ తప్పేమిటి?

సందేహం: ఏటికొప్పాక కుంకుమ భరిణెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. వివరణ ఇలా రాశాను: “ఈ అందమైన భరిణె నైపుణ్యం కలిగిన కళాకారుల చేత ప్రేమతో తయారు చేయబడింది. ఇది సహజ రంగులతో పూయబడింది. ఇది 3 అంగుళాల ఎత్తును కలిగి ఉంది. ఇది మీ పూజగదికి సొగసును జోడిస్తుంది. స్వల్ప వ్యత్యాసాలు కనుగొనబడవచ్చు. అధిక ఉష్ణోగ్రతకు గురిచేయరాదు.” మా అక్క చదివి ‘ఇది తెలుగులా లేదే’ అంది. లోపం ఎక్కడుందండీ?

సమాధానం: మీ అక్కగారి చెవి మంచిది. ముందు ఆ ‘బడు’ సంగతి చూద్దాం. కనబడు, వినబడు మన మాటలే, వాటి జోలికి వెళ్లక్కర్లేదు. కానీ చేసినవాళ్లెవరో చెప్పనక్కర్లేనప్పుడు తెలుగులో కర్తను వదిలేసి ‘చేస్తారు’, ‘పూస్తారు’ అంటాం. లేదా ‘చేతితో చేసిన భరిణె’ అని విశేషణంగా మార్చేస్తాం. ‘చేత... చేయబడింది’ అనే అవసరం అమ్మకపు రాతల్లో దాదాపు రాదు.

‘రంగులతో పూయబడింది’లో ఇంకో తిరకాసుంది. పూసేది రంగును, భరిణెకు పూస్తారు. పైగా ఏటికొప్పాకలో కుంచెతో పూయడం కాదు జరిగేది. లేత్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. ఈ ఒక్క సంగతి చెబితే ‘నైపుణ్యం’, ‘ప్రేమతో’ రెండూ అక్కర్లేదు. ‘సహజ రంగులు’ అని రాసే ముందు మాత్రం చేసినవాళ్లను అడగండి. పసుపు, నీలిమందు లాంటివి వాడితేనే ఆ మాట రాయాలి. కృత్రిమ రంగులు వాడేవాళ్లూ ఉంటారు.

‘ఎత్తును కలిగి ఉంది’ మనం అనం. ‘ఎత్తు 3 అంగుళాలు’ అంటే వాక్యం పూర్తయినట్టే, క్రియ అక్కర్లేదు. ‘ఇది, ఇది’ అని ప్రతి వాక్యం మొదట్లో గుర్తుచేయనవసరమూ లేదు. సొగసు జోడించే వాక్యాన్ని తీసేయండి, ఫొటో ఉందిగా! ఉష్ణోగ్రత హెచ్చరికకు మాత్రం కారణం చెప్పాలి, లేకపోతే కొన్నవాళ్లు దాన్ని పట్టించుకోరు.

రంగులు పసుపు, నీలిమందువేనని తేలితే నేనైతే ఇలా రాస్తాను:

“ఏటికొప్పాక లక్క కుంకుమ భరిణె. అంకుడు కర్రతో చేసింది. ఎత్తు 3 అంగుళాలు, మూత తీసి పెట్టొచ్చు. పసుపు, నీలిమందు కలిపిన లక్కతో రంగు పట్టించి, మొగలి ఆకుతో మెరుగుపెట్టారు. ఒక్కొక్కటీ విడిగా చేస్తారు కాబట్టి రంగులో, చారల్లో ఫొటోకి కొంచెం తేడా ఉండొచ్చు. లక్క వేడికి మెత్తబడుతుంది. ఎండలోనూ దీపం పక్కనా పెట్టకండి. దుమ్ము పడితే పొడిగుడ్డతో తుడిస్తే చాలు.”

‘దీపం పక్కన’ అన్నది కావాలనే పెట్టాను. కుంకుమ భరిణె ఉండేది అక్కడే కదా.