డాక్టర్ సలహా: చేతిలో పట్టు తగ్గిన అమ్మకి బాత్రూమ్ తలుపుకి రౌండ్ లాకా, లివర్ హ్యాండిలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది పలాస. మా అమ్మకి 71 ఏళ్ళు, చాలా ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేసింది. ఇప్పుడు బొటనవేళ్ళ దగ్గర నొప్పి, పట్టు లేదు. బాత్రూమ్ రౌండ్ లాక్ తిప్పలేక రాత్రుళ్ళు నన్ను లేపుతోంది. లివర్ హ్యాండిల్ వేయిద్దామంటే తమ్ముడు వద్దంటున్నాడు, రౌండ్‌ది తిప్పుతుంటే చేతికి ఎక్సర్‌సైజ్ అంటాడు, పైగా వాడికి మూడేళ్ళ బాబు ఉన్నాడు. కార్పెంటర్ ఏమో తలుపే మార్చాలంటున్నాడు. ఏం చేయమంటారు? (ఓ పాఠకురాలు)

జవాబు: లివరే వేయించండమ్మా, బాత్రూమ్‌కి ముందు, తర్వాత అమ్మగారు పడుకునే గదికి. తలుపు మార్చక్కర్లేదు, అది కింద చెప్తాను.

ముందు అమ్మగారి చేతిలో ఏం జరుగుతోందో చెప్పాలి, అది తెలిస్తే తమ్ముడికి మీరే చెప్పగలరు. పొట్టు తీసే పనిలో రోజంతా బొటనవేలూ చూపుడువేలూ కలిపి నొక్కడమే కదా, అలా ఏళ్ళ తరబడి చేసినవాళ్ళకి బొటనవేలి మొదట్లో, మణికట్టుకి కాస్త పైన ఉండే కీలు అరిగిపోవడం చాలా చూస్తాం. ఆ కీలు సంగతేంటంటే వేలి చివర మనం ఒక కేజీ బలంతో నొక్కితే మొదట్లో ఉన్న కీలు మీద దానికి పది పన్నెండు రెట్లు భారం పడుతుంది. అందుకే చూసేవాళ్ళకి చిన్న పనిలా కనపడేది ఆవిడకి ప్రాణం మీదకొస్తుంది, సీసా మూత తీయడం, తాళంచెవి తిప్పడం, తడిబట్ట పిండడం, ఇవన్నీ కష్టమవుతున్నాయా అని ఓసారి అడిగి చూడండి, అవుననే అంటారని నా అనుమానం.

రౌండ్ లాక్ తిప్పాలంటే మూడు పనులు ఒకేసారి జరగాలి. వేళ్ళతో గుండ్రాన్ని గట్టిగా పట్టాలి, జారకుండా బొటనవేలితో నొక్కాలి, ఆ పట్టు వదలకుండా ముంజేతిని తిప్పాలి. మూడింట్లో ఏ ఒక్కటి కుదరకపోయినా తలుపు రాదు. చేయి తడిగా ఉన్నా, సబ్బు ఉన్నా, కొబ్బరినూనె రాసుకున్నా పట్టు జారుతుంది, జారకుండా ఉండాలంటే ఇంకా గట్టిగా నొక్కాలి, అంటే బాత్రూమ్‌లో లోపలి నుంచి బయటికి రావడమే అన్నిటికన్నా కష్టం. అమ్మగారు లోపలికి వెళ్ళేటప్పుడు మిమ్మల్ని లేపుతున్నారు సరే, మీరు ఇంట్లో లేనప్పుడు లోపల చిక్కుకుంటే ఏంటన్నది నాకు ఎక్కువ భయం.

లివర్‌కి ఈ మూడూ అక్కర్లేదు. పట్టుకోనే అక్కర్లేదు, పిడికిలి పెట్టి కిందకి నొక్కినా, మోచేత్తో నొక్కినా తెరుచుకుంటుంది. బలం కూడా తక్కువ పడుతుంది. మామూలు రౌండ్ లాక్ మధ్య నుంచి అంచుకి రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, లివర్ పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, కాబట్టి లోపలి స్ప్రింగ్ ఒకటే అయినా లివర్ చివర నొక్కితే దాదాపు నాలుగోవంతు బలం చాలు. అయితే చివరే నొక్కాలి, మొదట్లో నొక్కితే ఈ లాభమంతా పోతుంది, అమ్మగారికి ఇది ఒకసారి చేసి చూపించండి.

ఎక్సర్‌సైజ్ మాటకొస్తే, తమ్ముడు అమ్మ మంచి కోరే అన్నాడు, కానీ అరిగిన కీలుకి నొప్పితో పట్టి తిప్పడం ఎక్సర్‌సైజ్ కాదు, అరిగినదాన్ని ఇంకా రాపాడించడం. చేతికి చేయించాల్సిన ఎక్సర్‌సైజులు వేరే ఉన్నాయి, వేళ్ళన్నీ మెల్లగా చాపి ముడవడం, బొటనవేలిని అరచేతికి దూరంగా తెరవడం లాంటివి, నొప్పి రానంతవరకే, అవి ఫిజియోథెరపిస్ట్ ఒకసారి చూపిస్తే ఇంట్లో చేసుకోవచ్చు. పనులు చేసేటప్పుడు బొటనవేలికి పెట్టుకునే పట్టీ కూడా ఉంటుంది, థంబ్ స్ప్లింట్ అంటారు, చాలామందికి దాంతో నొప్పి కొంత తగ్గుతుంది.

ఇప్పుడు కార్పెంటర్ సంగతి. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, ఆయన మనసులో మెయిన్ డోర్‌కి వేసే పొడవాటి ప్లేట్ ఉన్న మోర్టీస్ లాక్ ఉండుంటుంది, దానికి తలుపు అంచులో లోతుగా గాడి కొట్టాలి, పైగా పాత గుండ్రటి కన్నం ఆ ప్లేట్ కింద పూర్తిగా మూసుకోదు, పీవీసీ తలుపైతే లోపల బోలుగా ఉంటుంది కాబట్టి అసలు నిలవదు. కానీ రౌండ్ లాక్ తీసిన కన్నంలోనే కూర్చునే లివర్ సెట్లు వస్తాయి, షాపులో ట్యూబులర్ లివర్ లేదా సిలిండ్రికల్ లివర్ అని అడగండి. వెళ్ళే ముందు రెండు కొలతలు రాసుకోండి, తలుపు మందం ఎంత, తలుపు అంచు నుంచి కన్నం మధ్యకి ఎంత దూరం అని. ఈ రెండోదాన్ని బ్యాక్‌సెట్ అంటారు, ఎక్కువగా 60 లేదా 70 మిల్లీమీటర్లు ఉంటుంది, ఇది తప్పితే లివర్ బిగించడం కుదరదు. పాత లాక్ ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళిపోతే ఇంకా మంచిది. తలుపు కుడివైపు తెరుచుకుంటుందా ఎడమవైపా అన్నది కూడా చెప్పాలి, కొన్ని లివర్లు ఒక వైపుకే పనికొస్తాయి.

లివర్‌లో కూడా అన్నీ ఒకటి కాదు. చివర తలుపు వైపుకి వంగి ఉన్నది తీసుకోండి, నిటారుగా మొన తేలి ఉన్నదానికి చీర కొంగు, గాజులు తగులుకుంటాయి, కొంగు పట్టుకుంటే పెద్దవాళ్ళు తూలిపోతారు. లివర్‌కీ తలుపుకీ మధ్య వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి, సుమారు నాలుగు సెంటీమీటర్లు. సన్నటి కడ్డీలా ఉన్నదాని కంటే కాస్త వెడల్పుగా చదునుగా ఉన్నది అరచేతికి నొప్పి పెట్టదు. మీది సముద్రానికి దగ్గర ఊరు కాబట్టి పైన మెరుపు పూత ఉన్న చవక రకం వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్ తీసుకోండి, ఉప్పుగాలికి లోపలి స్ప్రింగ్ తుప్పుపడితే లివర్ కూడా రౌండ్ లాక్ లాగే మొరాయిస్తుంది.

బిగించాక ఒక టెస్ట్ చేయండి. సామాన్లు తూచే చేతి కాటా, కొక్కెం ఉన్నది, దాన్ని లివర్ చివర తగిలించి కిందకి లాగండి, తలుపు విడిపోయే సమయానికి కాటాలో రెండు కేజీలు, మహా అయితే రెండుంపావు దాటకూడదు, అమెరికాలో వికలాంగుల కోసం పెట్టిన రూల్‌లో కూడా లిమిట్ దాదాపు ఇంతే. కాటా లేకపోతే అమ్మగారినే పిడికిలి మూసి, చేయి తడిపి నొక్కమనండి, మొహం చిట్లించకుండా తెరవగలిగితే పాస్ అయినట్టు.

అసలు చాలా ఇళ్ళలో తప్పు జరిగేది ఇక్కడ కాదు, గడియ దగ్గర. ఆమధ్య విజయనగరం నుంచి వచ్చిన ఓ పెద్దావిడ ఇంట్లో కొడుకులు అన్ని తలుపులకీ మంచి లివర్లు వేయించారు, అయినా ఆవిడ బాత్రూమ్ తలుపు దగ్గరకి చేరవేసి ఊరుకుంటున్నారు, ఎందుకంటే లివర్ కింద చిన్న బటన్ లాంటి తిప్పుడు లాక్ ఉంది, దాన్ని రెండు వేళ్ళతో చిటికెలా పట్టి తిప్పాలి. పైన టవర్ బోల్ట్ ఉంది, అది బిగిసిపోయి ఉంది. అంటే రౌండ్ లాక్‌లో ఉన్న కష్టమే ఇంకో రూపంలో మళ్ళీ వచ్చింది. పిల్లలు ఎదురుగా ఉండగా తలుపు చేరవేసి స్నానం చేయడం ఏ ఆడమనిషికి ఇష్టం ఉంటుంది చెప్పండి, ఆవిడ స్నానం చేయడమే తగ్గించేశారు. చివరికి తిప్పుడు లాక్ పిడి పెద్దది, వేలు వెడల్పున రెక్కలా ఉన్నది వేస్తే సరిపోయింది, పక్కకి నెట్టితే చాలు. మీరు కొనేటప్పుడే ఇది చూసుకోండి, బయట నుంచి నాణెంతో తెరిచే గాడి కూడా ఉండాలి, అమ్మగారు లోపల పడినా, బాబు లోపల లాక్ వేసుకున్నా మీరు తెరవొచ్చు. టవర్ బోల్ట్ తీసేయించండి, ఎందుకంటే అది వేసి ఉంటే ఆ గాడి ఎందుకూ పనికిరాదు.

వానాకాలంలో తలుపు ఉబ్బి ఫ్రేమ్‌కి పట్టేస్తుంటే మాత్రం లివర్ వేసినా లాభం ఉండదు, ఆవిడ భుజంతో తోయాల్సొస్తుంది. ముందు గడియలేవీ వేయకుండా తలుపు ఒక్క వేలితో కదులుతుందా చూసి, లేకపోతే అంచు చెక్కించండి. అలాగే లివర్ చేతికి అందుతుంది కదాని దాన్నే పట్టుకుని లేవడం, ఒరగడం అలవాటు కానివ్వకండి, తలుపు కదిలిపోతుంది, లివర్ కిందకి దిగిపోతుంది, తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్ళని చూశాను. పక్కన గోడకి, ఇటుకలోకి దిగేలా, విడిగా పట్టుకునే రాడ్ పెట్టించండి.

బాబు విషయంలో మీ తమ్ముడి భయం నిజమైనదే. లివర్‌ని మూడేళ్ళ పిల్లలు వేలాడి తెరిచేస్తారు. కాబట్టి వీధి తలుపుకీ, మేడ మెట్ల తలుపుకీ, బాల్కనీకీ లివర్ వేయొద్దు, ఇప్పుడున్నదే ఉంచండి, బాబుకి అందని ఎత్తులో గడియ పెట్టండి. బాత్రూమ్‌లో నీళ్ళ బకెట్లు, డ్రమ్ములు నింపి వదలకండి, ఇది తప్పనిసరి. ఇంకోమాట, మతిమరుపు జబ్బుతో రాత్రిపూట బయటికి వెళ్ళిపోయే పెద్దవాళ్ళున్న ఇళ్ళలో కూడా వీధి తలుపుకి రౌండ్ లాకే నయం, మీ అమ్మగారికి అలాంటిదేం రాయలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

హ్యాండిల్ మార్చేశాం కదాని చేతిని చూపించడం మానొద్దు. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. రెండు చేతుల్లోంచీ వస్తువులు జారిపోతూ నడక కూడా తూలుతుంటే మెడ ఎముకలు చూపించాలి. ఒక చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే టైమ్.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్తున్నాను, మీది ఉద్దానం పక్క ఊరు. మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ లాంటివి రోజూ మింగితే కిడ్నీల మీద పడుతుంది, అక్కడ ముందే కిడ్నీ జబ్బులు ఎక్కువ. ముందు క్రియాటినిన్ టెస్ట్ చేయించండి, పలాసలోనే చేస్తారు, ఆ రిపోర్ట్ చూపించాకే డాక్టర్ ఏ మాత్ర ఇవ్వాలో చెప్తారు, ఈలోగా నొప్పిగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు చేతులు పెట్టించి పట్టీ కట్టండి.