రెండో ఓవెన్ కొనే ముందు స్వాట్ రాసుకోండి, కానీ ఇలా కాదు

మారతహళ్ళిలో మాకు చిన్న బేకరీ ఉందండి. రోజూ 60 బ్రెడ్లు వేస్తాం, కొన్ని మిగులుతాయి. ఎగ్ పఫ్‌లు మాత్రం సాయంత్రానికి చాలవు. 3 లక్షల లోన్ తీసుకుని రెండో ఓవెన్ కొందామనుకుంటున్నాను. స్వాట్ రాశాను: బలం నాణ్యత, బలహీనత పెట్టుబడి తక్కువ, అవకాశం ఆన్‌లైన్, ముప్పు పోటీ. లోన్ తీసుకోవచ్చా?

ఇప్పుడే వద్దండి. మీరు రాసిన నాలుగు మాటలూ ఏ బేకరీ గోడకు అంటించినా సరిపోతాయి. అందుకే అవి మీ ఓవెన్ గురించి ఏమీ చెప్పట్లేదు. రాసే ప్రతి మాటలో ఒక లెక్క ఉండాలి, ఏ పూట సంగతో ఉండాలి, అది చదవగానే రేపు ఏం మార్చాలో తట్టాలి.

ముందు 14 రోజులు ఒక నోటుబుక్ కౌంటర్ దగ్గర పెట్టండి. రాత్రి మిగిలిన బ్రెడ్లు ఎన్ని, పఫ్‌లు ఎన్ని గంటలకు అయిపోయాయి, ఓవెన్ ఏయే గంటల్లో ఖాళీగా ఉంది, ఈ మూడు రాస్తే చాలు. అమ్మకం ఒక్కటే రాస్తే మోసపోతాం. 5:30కే ట్రే ఖాళీ అయితే, ఆ తర్వాత వచ్చి ఉత్త చేతులతో వెళ్ళినవాళ్ళు ఆ లెక్కలో కనిపించరు.

రోజుకు సగటున 12 బ్రెడ్లు మిగులుతున్నాయనుకోండి. పిండి, గ్యాస్, కవరు కలిపి ఒక్కోదానికి 25 రూపాయలైతే రోజుకు 300, నెలకు 9,000 పోతోంది. 3 లక్షలకు 13 శాతం వడ్డీతో మూడేళ్ళ వాయిదా నెలకు దాదాపు 10,100. ఇంచుమించు ఒక వాయిదా డబ్బు నెలనెలా చెత్తబుట్టలోకి వెళ్తోందన్నమాట. కాబట్టి బలహీనత కింద 'పెట్టుబడి తక్కువ' కొట్టేసి, '60లో 12 బ్రెడ్లు మిగులుతున్నాయి' అని రాయండి. పొద్దున 40 వేసి, మధ్యాహ్నం ఎన్ని ఉన్నాయో చూసి మిగతావి వేస్తే సరి.

పఫ్‌ల సంగతి ఇంకా ముఖ్యం. సాయంత్రం ఓవెన్ నిండా ట్రేలుండి మరో ట్రేకి చోటు లేకపోతే రెండో ఓవెన్ మాట న్యాయమే. ఓవెన్ ఖాళీగానే ఉండి, మాస్టర్ రెండు గంటలకే వెళ్ళిపోవడం వల్ల పఫ్‌లు ఆగుతుంటే, కొరత ఓవెన్‌ది కాదు, చేతులది. మాస్టర్ వెళ్ళేలోపు ఇంకో రెండు ట్రేల పఫ్‌లు మడిచి ఫ్రిజ్‌లో పెడితే, హెల్పర్ ఐదింటికి కాల్చేయగలడు. ఇది ఒక వారం చేసి చూడండి, ఖర్చు పెద్దగా లేదు.

చాలామంది తడబడేది అవకాశం దగ్గర. 'ఆన్‌లైన్‌లో పెట్టడం' మీరు చేసే పని, అవకాశం కాదు. బయట జరిగేదే అవకాశం: 'అర కిలోమీటరులో కొత్త అపార్ట్‌మెంట్, 200 ఇళ్ళు నిండుతున్నాయి' లాంటిది. ముప్పు కూడా అంతే. పోటీ అని వదిలేయకుండా ఏ దుకాణం, ఎంత దూరం, అదే పఫ్ మీకన్నా ఎంత తక్కువకు ఇస్తోంది, అది తెరిచాక మీ సాయంత్రం అమ్మకం ఎంత పడిందో రాయండి. అమ్మకం పడకపోతే ఆ పేరు తీసేయండి.

14 రోజుల నోట్సులో సాయంత్రం ఓవెన్ నిజంగా నిండి కనిపిస్తే అప్పుడు మళ్ళీ రాయండి, లోన్ లెక్క వేద్దాం.