జిర్కోనియం, హాఫ్నియం ఒకే సైజులో ఎందుకున్నాయి?

"సార్, మాది గాజువాక. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. లాంథనైడ్ కాంట్రాక్షన్ బట్టీ పట్టాను గానీ అర్థం కాలేదు. జిర్కోనియం, హాఫ్నియం సైజు ఒకటే ఎందుకు? కెమిస్ట్రీలో ముందుకెళ్తే ఇలాంటిది ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుందా?"

బట్టీ పక్కన పెట్టి, 4వ గ్రూపులో కిందికి దిగుతూ చూడు. టైటానియం వ్యాసార్థం 147 పికోమీటర్లు. జిర్కోనియానికి వచ్చేసరికి కొత్త షెల్ చేరి 160 అయింది. హాఫ్నియంలో ఇంకో షెల్ చేరింది కాబట్టి మళ్లీ పెరగాలి. కానీ అది 159 దగ్గరే ఉంది.

ప్రోటాన్లు లెక్కపెడితే కారణం దొరుకుతుంది. టైటానియం నుంచి జిర్కోనియానికి 18 పెరిగాయి, జిర్కోనియం నుంచి హాఫ్నియానికి 32. ఆ అదనపు 14 మధ్యలో వచ్చిన లాంథనైడ్లవి. అక్కడ ఒక్కో మూలకానికి కేంద్రకంలో ఒక ప్రోటాన్, బయట ఒక ఎలక్ట్రాన్ చేరతాయి. ఆ ఎలక్ట్రాన్లు చాలావరకు 4ఎఫ్‌లోకి వెళ్తాయి. 4ఎఫ్ ఎలక్ట్రాన్ కేంద్రకం లాగే బలాన్ని సరిగా అడ్డుకోలేదు, అందుకే బయటి ఎలక్ట్రాన్లు ప్రతి అడుగులో కాస్త లోపలికి జరుగుతాయి. ఒక్కో అడుగుకి జరిగేది పికోమీటరుకి కాస్త అటూ ఇటూ, అంతే. కానీ 14 అడుగులు కలిస్తే లాంథనం అయాన్ 103 నుంచి లుటీషియం అయాన్ 86కి తగ్గిపోతుంది. లాంథనైడ్ కాంట్రాక్షన్ అంటే ఇదే. కొత్త షెల్ వల్ల పెరగాల్సింది ఈ తగ్గుదలతో చెల్లిపోయింది.

పరీక్షలో ఎక్కువమంది తప్పు చేసేది 3వ గ్రూపులో. ఇట్రియం, లాంథనం కూడా సమానమని రాసేస్తారు. లాంథనం దగ్గర 4ఎఫ్ నిండడం ఇంకా మొదలే కాలేదు, అందుకే అది పెద్దదే.

ఇక ఉద్యోగం సంగతి. మన భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో జిర్కోనియం ఖనిజమైన జిర్కాన్ ఉంటుంది. సైజూ ఛార్జీ ఒకటే కాబట్టి హాఫ్నియం అదే స్ఫటికంలో జిర్కోనియం చోట్లోకి దూరిపోతుంది, బరువులో సుమారు యాభైకి ఒకటి చొప్పున. అణు రియాక్టర్‌లో ఇంధనానికి వాడే గొట్టాలు జిర్కోనియం మిశ్రమంతో చేస్తారు, ఎందుకంటే అది న్యూట్రాన్లను దాదాపు పీల్చుకోదు. హాఫ్నియం అంతకు 500 రెట్లకు పైగా పీల్చుకుంటుంది. అందుకే దాన్ని పది లక్షల్లో వంద భాగాల లోపుకి తేవాలి. మామూలు రసాయన చర్యల్లో రెండూ ఒకేలా ప్రవర్తిస్తాయి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో రెండూ కరిగున్న నైట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో కలుపుతారు. జిర్కోనియం ఆ కిరోసిన్ పొరలోకి హాఫ్నియం కంటే ఎక్కువగా వెళ్తుంది. ఆ తేడానే పట్టుకుని మళ్లీ మళ్లీ చేస్తారు. చివరికి హాఫ్నియం ఎంత మిగిలిందో కొలిచి చెప్పాల్సింది అనలిటికల్ కెమిస్ట్.

నీకు ఆ కొలిచే పని నచ్చితే బీఎస్సీ కెమిస్ట్రీ, ఆ తర్వాత ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట ఎమ్మెస్సీ చెయ్యి. ఎమ్మెస్సీ అయ్యాక భాభా అణు పరిశోధన కేంద్రం, అంటే బార్క్ ట్రైనింగ్ స్కూల్‌కి అప్లై చేయొచ్చు. విడదీసే ప్లాంట్ మీద మనసుంటే మాత్రం బీటెక్ కెమికల్ ఇంజినీరింగ్ తీసుకో.