వేరే దేశపు చట్టం రాసుకుంటే ఏజెంటు పరిహారం పోతుందా?

ప్రశ్న: జర్మనీలో ఉంటూ కాలిఫోర్నియా కంపెనీ యంత్రాలకు ఎనిమిదేళ్లుగా సేల్స్ ఏజెంటుగా ఉన్నాను. జీతం లేదు, కమీషనే. ఇప్పుడు నోటీసిచ్చి తీసేశారు. 'కాలిఫోర్నియా చట్టమే వర్తిస్తుంది' అని ఒప్పందంలో ఉంది కాబట్టి పరిహారం రాదంటున్నారు. నిజమేనా?

జవాబు: జర్మన్ కోర్టుకు వెళ్తే ఆ వాదన నిలవడం కష్టం. ఒప్పందాలకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేల్చే యూరోపియన్ యూనియన్ నియమావళి రోమ్ 1 రెగ్యులేషన్. దాని 3వ ఆర్టికల్ ప్రకారం ఏ చట్టం కావాలన్నది మీ ఇద్దరి ఇష్టమే. కమీషన్ లెక్క, షరతుల అర్థం వంటివాటికి కాలిఫోర్నియా చట్టమే చూస్తారు. అయితే ఒక దేశం తన ప్రజాప్రయోజనానికి అత్యంత కీలకమని భావించే నిబంధనలు కొన్ని ఉంటాయి. మీరు ఏ చట్టం ఎంచుకున్నా వాటిని తన కోర్టు అమలు చేస్తుందని 9వ ఆర్టికల్ చెబుతుంది. ఒప్పందంతో మార్చుకోవడానికి వీల్లేని ప్రతి నిబంధనా ఈ కోవలోకి రాదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఏజెంటు పరిహారం మాత్రం ఈ కోవలోకి వస్తుంది. 2000లో ఇంగ్మార్ కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఈ మాటే చెప్పింది. అందులోనూ కంపెనీ కాలిఫోర్నియాది, ఒప్పందంలో రాసుకున్నదీ ఆ చట్టమే, ఏజెంటు పని చేసింది అప్పట్లో యూనియన్‌లో ఉన్న బ్రిటన్‌లో. ఏజెంటు యూనియన్ లోపల పని చేస్తే సేల్స్ ఏజెంట్లపై యూనియన్ చేసిన 1986 డైరెక్టివ్‌లో పరిహారం గురించిన 17, 18 ఆర్టికల్స్ తప్పించుకోలేరని తీర్పు. ఇక్కడ చూసేది పౌరసత్వం కాదు, పని చేసిన చోటు. అందుకే 2017లో ఆగ్రో కేసులో బెల్జియం కంపెనీకి టర్కీలో పని చేసిన ఏజెంటుకు ఆ రక్షణ దక్కలేదు.

ఎంత వస్తుంది? మీరు కొత్త కస్టమర్లను తెచ్చి, లేదా పాతవాళ్ల వ్యాపారం బాగా పెంచి, కంపెనీ ఇంకా వాళ్ల వల్ల గణనీయంగా లాభపడుతూ ఉండాలి. గత ఐదేళ్ల కమీషన్ 40, 50, 60, 70, 80 వేల యూరోలు అనుకుందాం. మొత్తం 3 లక్షలు, ఏడాది సగటు 60 వేలు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే, అంతా ఇస్తారని కాదు. మీ తీవ్రమైన తప్పు వల్ల తీసేసినా, సరైన కారణం లేకుండా మీరే మానేసినా ఏమీ రాదు. ఒప్పందం ముగిసిన ఏడాదిలోపు పరిహారం అడుగుతున్నట్టు కంపెనీకి తెలియజేయకపోతే హక్కే పోతుంది. కాబట్టి ముందు అది రాసి, అందినట్టు రుజువు పెట్టుకోండి.

ఒప్పందంలో 'కాలిఫోర్నియా కోర్టులే' అని కూడా ఉందేమో చూడండి. అక్కడి కోర్టుకు 9వ ఆర్టికల్‌తో పని లేదు, దాని నియమాలు దానివే. ఇలాంటి జంట షరతును, వర్జీనియా చట్టం, వర్జీనియా కోర్టులు అన్నదాన్ని, 2012లో జర్మనీ సుప్రీం కోర్టు పక్కన పెట్టింది. ఏజెంటు పరిహారం ఎగ్గొట్టడానికే అది దారి తీస్తుందన్నది కారణం. తీర్పు వచ్చాక వసూలు వేరే తలనొప్పి: కాలిఫోర్నియాలో అమలు చేయాలంటే అక్కడి కోర్టు దాన్ని ముందు గుర్తించాలి. అందుకే కేసు వేసే ముందే, జర్మన్ కస్టమర్లు ఆ కంపెనీకి ఇంకా కట్టాల్సిన బిల్లులున్నాయేమో ఆరా తీయండి. జప్తుకు అవే సులువు.