ఆడితప్పు మాట వింటె...

అమ్మాయీ,

పాత నాట్ల పాటల్లో ఆడవాళ్లనూ కులాలనూ కించపరిచే మాటలు మారుద్దామంటే పాట కుంటుతోందని రాశావు. అలాంటి జోడు చరణాలు ఒకటి నేనే కట్టి ఇస్తున్నాను. దీని మీద చెయ్యి తిప్పుకో.

ఆడదాని మాట వింటె అప్పు మిగులునోయి
కూడబెట్టుకున్న పొలము కోమటింటికోయి

ముందు అర్థం వదిలేసి చప్పట్లు కొట్టు. హ్రస్వానికి ఒక మాత్ర. దీర్ఘానికీ, సున్న ఉన్న అక్షరానికీ, ఒత్తుకు ముందరి అక్షరానికీ రెండు. ఆడ, దాని, మాట, వింటె... అన్నీ మూడేసి మాత్రలే, పాదానికి ఏడు ముక్కలు. ఇక ముడులు చూడు. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం 'డ', అది ప్రాస. పాదం మొదటి అక్షరానికి ఐదో ముక్క మొదటి అక్షరంతో పొత్తు: ఆ–అ, కూ–కో. అది యతి. నువ్వు మార్చే మాట మాత్రలు, ప్రాస, యతి ఈ మూడింటికీ సరిపోవాలి.

'ఆడదాని' బదులు 'తాగుబోతు' పెడితే మాత్రలు ఆరూ సరిపోతాయి కానీ ప్రాసా యతీ రెండూ పోతాయి. 'ఆడంబర' పెడితే ఆ రెండూ నిలుస్తాయి, మాత్రలూ ఆరే. అయినా పాడితే నాలుక తడబడుతుంది, ఎందుకంటే మూడో మాత్ర దగ్గర విరగాల్సింది 'డం' మధ్యలో విరుగుతుంది. మొత్తం మాత్రలు కూడి తృప్తిపడేవాళ్లు పడే గొయ్యి ఇదే. 'ఆడితప్పు' పెట్టి చూడు. ఆడి, తప్పు అని చక్కగా విరుగుతుంది. నిందా ఆడమనిషి మీద నుంచి తొలగి, నిలబెట్టుకోని మాట మీదికి పోయింది. ఆడదాన్ని తీసి మగాణ్ణి కూర్చోబెట్టడం మాత్రం వద్దు, అది తిట్టుకు చిరునామా మార్చడమే.

రెండో పాదంలో 'కోమటింటికోయి' బదులు 'కుదువ పోవునోయి' అనొచ్చు. లెక్కా యతీ కుదురుతాయి. కానీ పాడేవాళ్లు 'కో' దగ్గర గొంతు సాగదీస్తే 'కు' దగ్గర ఆ సాగుడుకు చోటుండదు. అందుకే కాగితం మీద లెక్కతో ఆగకుండా, పాట తెలిసిన పెద్దావిడ చేత ఒకసారి పాడించి విను. సాగే చోట దీర్ఘమే కావాలంటే 'కోర్టుకెక్కునోయి' ఉంది.

ఆడితప్పు మాట వింటె అప్పు మిగులునోయి
కూడబెట్టుకున్న పొలము కోర్టుకెక్కునోయి

చూశావా, ఇప్పుడు రెండు పాదాలకూ కథ కూడా కలిసింది. ఒక మాట మారిస్తే పక్క పాదం అర్థం కదులుతుంది, కాబట్టి ఎప్పుడూ జోడీగానే సరిచూసుకో.

కులం పేరు కనపడగానే కత్తెర పట్టకు. డప్పు కొట్టేవాళ్లు తమ పాటలో తమ పేరు తామే చెప్పుకుంటే అది వాళ్ల హక్కు, తీసేస్తే వాళ్లను పాటలోంచి వెళ్లగొట్టినట్టు. ఆ పేరును తిట్టుగానో ఎగతాళిగానో వాడిన చోటే మార్చు. సందేహమొస్తే ఆ కులంవాళ్లనే అడుగు.

మరొకటి. పాత పాఠాన్ని చించెయ్యకు. నోట్‌బుక్కులో ఎడమ పేజీన పాతది, కుడి పేజీన కొత్తది, ఏ మాట ఎందుకు మారిందో కింద ఒక వాక్యం రాసిపెట్టు. పాడేది కుడి పేజీ.

ఆశీస్సులతో,
మావయ్య